రాజీనామా లేఖ

హనుమకొండ,
4 నవంబర్ 2024.

గౌరవనీయులైన నర్సింగ్ సూపరింటెండెంట్ గారికి,

విషయం: ఎంఎస్సీ నర్సింగ్ చదువు నిమిత్తం స్టాఫ్ నర్సు ఉద్యోగానికి రాజీనామా సమర్పించుట గురించి.

మేడం,

2021 జులై నుంచి మన ఆసుపత్రి డయాలసిస్ విభాగంలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్న నాకు, కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం నిర్వహించిన కౌన్సెలింగ్‌లో ఎంఎస్సీ నర్సింగ్ సీటు వచ్చిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఇది రెండేళ్ల పూర్తికాలపు కోర్సు కావడం వల్ల ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నియామక ఉత్తర్వులోని నిబంధన మేరకు ఒక నెల ముందుగా ఈ లేఖ ఇస్తున్నందున, 3 డిసెంబర్ 2024ను నా చివరి పనిదినంగా పరిగణించి నన్ను రిలీవ్ చేయవలసిందిగా కోరుతున్నాను.

రాత్రి డ్యూటీలు చేస్తూ పగలు చదువుకోవచ్చని తోటి సిస్టర్లు ప్రేమతో సలహా ఇచ్చారు గానీ, నిద్రలేని కళ్లతో ఫిస్టులాకు సూది గుచ్చడం నాకు సమ్మతం కాదు. ములుగు, భూపాలపల్లి, పరకాల వైపు నుంచి వారానికి మూడుసార్లు బస్సెక్కి వచ్చే రోగులను ఏళ్ల తరబడి చూస్తున్నాను. డయాలసిస్ మధ్యలో బీపీ పడిపోతే కాళ్లు ఎత్తి పెట్టడం, నీరు తీసే వేగం తగ్గించడం, సెలైన్ ఇవ్వడం ఇక్కడే చేతికి అలవాటయ్యాయి. అయితే బరువు పెద్దగా పెరగకుండా వచ్చిన రోగికి కూడా ప్రతిసారీ అలా ఎందుకు జరుగుతున్నదో, ముందుగానే ఎలా పసిగట్టాలో లోతుగా చదవాలన్న కోరిక ఈ వార్డులోనే పుట్టింది. అందుకే మెడికల్ సర్జికల్ నర్సింగ్‌లో మూత్రపిండాల వ్యాధుల విభాగాన్ని ఎంచుకోదలచాను.

నోటీసు కాలంలో నాకు మిగిలి ఉన్న సెలవులు వాడుకోను. చివరి షిఫ్టు వరకు డ్యూటీకి వస్తాను. ఎవరి ఫిస్టులాలో ఏ చోట సూదులు వేస్తున్నామో బొమ్మలు గీసి రాసుకున్న నోటుపుస్తకాన్ని విభాగానికే అప్పగిస్తాను. ఒకే చోట పదే పదే గుచ్చితే రక్తనాళం ఉబ్బిపోతుంది కనుక, నా స్థానంలోకి వచ్చే సిస్టర్ కనీసం ఒక వారం నా పక్కన ఉండి చూసుకునేలా డ్యూటీలు వేయించగలరని మనవి. హెపటైటిస్ ఉన్న రోగులకు కేటాయించిన యంత్రం రిజిస్టరు, ఆరోగ్యశ్రీ కింద వచ్చేవారి కేస్ షీట్లు కూడా ఆ వారంలోనే సరిచూసి అప్పగిస్తాను.

కళాశాలలో చేరే సమయంలో అనుభవ ధ్రువపత్రం, రిలీవింగ్ ఉత్తర్వు తప్పనిసరిగా చూపవలసి ఉంటుంది. కావున ఆ రెండింటితో పాటు, ఉద్యోగంలో చేరినప్పుడు కార్యాలయంలో సమర్పించిన నా అసలు సర్టిఫికెట్లను చివరి పనిదినం నాటికి ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. చివరి నెల జీతం, ప్రావిడెంట్ ఫండ్ లెక్కలు ఆ తర్వాత పూర్తయినా నాకు అభ్యంతరం లేదు.

కొత్తగా చేరిన రోజుల్లో యంత్రం అలారం మోగితేనే బెదిరిపోయిన నన్ను పక్కన నిలబెట్టుకుని పని నేర్పిన మీకు, విభాగంలోని డాక్టర్లకు, టెక్నీషియన్లకు నా కృతజ్ఞతలు.

ఇట్లు,
మీ విధేయురాలు,
స్రవంతి,
స్టాఫ్ నర్సు, డయాలసిస్ విభాగం.

ప్రతి: మానవ వనరుల విభాగానికి.