అపెండిక్స్ ఆపరేషన్ తర్వాత ఇంటి దగ్గర కుట్ల జాగ్రత్తలు

సోమవారం మీ పొట్ట కోసి అపెండిక్స్ తీశాం. కుడివైపు కింద ఏడు కుట్లున్నాయి. గాయం పొడిగా ఉంది కాబట్టి ఈరోజు ఇంటికి పంపుతున్నాం. వచ్చే గురువారం ఉదయం సర్జరీ ఓపీకి రండి, కుట్లు విప్పుతాం.

కుట్లను ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. రేపటి నుంచి చెంబుతో స్నానం చేయవచ్చు. కుట్లమీద రుద్దకండి, ఉతికిన మెత్తటి గుడ్డతో అద్ది ఆరనివ్వండి. గాయం పూర్తిగా మానేదాకా చెరువులో, కాలువలో దిగవద్దు.

పసుపు, కొబ్బరినూనె, ఆకు పసరు ఏదీ పెట్టకండి. ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు, కానీ వాటితో సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి. పప్పు తింటే చీము పడుతుందన్నది కూడా నిజం కాదు. పప్పు, గుడ్డు, పెరుగు తినండి. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి.

దగ్గు వస్తే గాయంమీద దిండు అదిమిపట్టండి. లుంగీ ముడి, మొలతాడు కుట్లకు ఒరుసుకోకూడదు. ఇంట్లో మెల్లగా నడవండి. ఆరు వారాలు బస్తాలు, నిండు బిందెలు ఎత్తవద్దు. యాంటీబయాటిక్ మాత్రలు నొప్పి తగ్గినా మధ్యలో మానకండి.

కొంచెం దురద, తిమ్మిరి మామూలే. కానీ కుట్ల చుట్టూ ఎరుపు పాకుతున్నా, చీము లేదా దుర్వాసన వచ్చినా, కుట్టు విడినా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, వాంతులు ఆగకపోయినా, పొట్ట ఉబ్బినా గురువారం దాకా ఆగకండి. అర్ధరాత్రైనా క్యాజువాలిటీకి రండి. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి.