ఆగస్టు 1 నుంచి ఫీల్డ్ రిపోర్టు ఒక్క పేజీయే

అందరికీ నమస్కారం.

ఆగస్టు 1 నుంచి ఊళ్లలో నీళ్లు పరీక్షించే మన టీమ్‌లో ఏ ఫీల్డ్ రిపోర్టయినా ఒక్క పేజీ దాటకూడదు. ఎ4 కాగితం, ఒక వైపే. నిన్న మీటింగులో ఈ మాట అనగానే ముగ్గురు ఒకేసారి "ఎలా మేడం?" అన్నారు, ఇంతలో కరెంటు పోయింది, మాట అక్కడే ఆగిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను. ఒక్క పేజీ గురించి రాస్తూ ఈవిడే మూడు పేజీలు నింపేసిందని మీరు నవ్వుకుంటారు, తెలుసు. రూలు రిపోర్టులకి, ఇది ఉత్తరం. నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. పోయిన సెప్టెంబరులో గుమ్మ బ్లాకు కొండ మీది ఒక సవర ఊరి నుంచి మనకో రిపోర్టు వచ్చింది. పదకొండు పేజీలు. మొదటి రెండు పేజీల్లో ఊరి చరిత్ర, జనాభా, రోడ్డు సంగతి. తర్వాత ఎవరెవరితో మాట్లాడారో పేర్లు. తర్వాత ఫోటోలు. తొమ్మిదో పేజీలో, కింద నుంచి మూడో లైనులో, "బడి వద్ద గల చేతిపంపు నీటి హెచ్‌టుఎస్ సీసా నల్లబడినది" అని ఉంది.

ఆ సీసా నల్లబడితే నీళ్లలో మలం కలిసి ఉండొచ్చని మనలో ఎవరినైనా నిద్రలో లేపి అడిగినా చెబుతారు. సీసా నల్లబడింది శుక్రవారం సాయంత్రం. రిపోర్టు రాయడానికి శని, ఆదివారాలు పట్టాయి. సోమవారం రాత్రి నా ఫోన్‌కి వచ్చింది. నాలుగు పేజీలు చదివి, మిగతాది రేపు చూద్దాంలే అనుకున్నాను. ఆ రేపు శుక్రవారానికి గానీ రాలేదు. ఈలోగా ఆ బడి పిల్లలు ఆరుగురికి విరేచనాలు పట్టుకున్నాయి. అందరూ కోలుకున్నారు. రాసిన అబ్బాయిని నేను ఒక్క మాట అనలేదు, అనే హక్కు నాకు లేదు. అతను రాయాల్సింది రాశాడు, నేను చదవాల్సింది చదవలేదు. ఆ పదకొండు పేజీలు మాత్రం నాకు బద్ధకించడానికి మంచి వీలు ఇచ్చాయి.

ఆ రోజు నుంచి ఇది మనసులో తొలుస్తూనే ఉంది. ఈ మధ్య పాత ఫైళ్లు తీసి, మన రిపోర్టు ఎవరెవరి చేతుల్లోంచి వెళుతుందో చూశాను. తెలుగులో మీరు రాస్తారు. నేను దిద్దుతాను. దాన్ని మాస్టారు ఒడియాలోకి మారుస్తారు. అప్పుడు అది బ్లాకు ఆఫీసుకి, ఊళ్ల నీటి సరఫరా చూసే ప్రభుత్వ శాఖ ఆర్‌డబ్ల్యూఎస్ఎస్‌లోని జేఈ గారికి వెళుతుంది, ఒక కాపీ భువనేశ్వర్ ఆఫీసుకి పోతుంది. మాస్టారికి ఒక్క పేజీ మార్చడానికి ముప్పావు గంట పడుతుంది. పగలు బడి, సాయంత్రం ట్యూషన్లు, రాత్రి భోజనాలయ్యాక మన పని. పదకొండు పేజీలంటే ఆయనకి నాలుగు రాత్రులు. "అమ్మా, ఈ ఊరి చరిత్ర నేను ఇప్పటికి ఐదుసార్లు ఒడియాలో రాశాను" అని మొన్న ఆయన మెల్లగా అన్నారు. కోప్పడి ఉంటే ఇంత బాధ వేసేది కాదు. ఒక్క పేజీ అయితే అదే రాత్రి అయిపోతుంది, పొద్దున్నే జేఈ గారి బల్ల మీద ఉంటుంది.

మీ వైపు నుంచి కూడా చూడండి. పై ఊళ్లలో ఉన్నవాళ్లు ఫోటోలతో నిండిన ఫైలు పంపడానికి ఊరి చివర బండరాయి ఎక్కి, ఒక్క గీత సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తి నిలబడటం నేను కళ్లారా చూశాను. ఒక్క పేజీ చటుక్కున వెళ్లిపోతుంది. మీ ఆదివారాలు మీకు మిగులుతాయి.

అసలు మనం ఇంత పొడుగ్గా ఎందుకు రాస్తాం? నాకు తోచింది చెబుతాను. పరీక్షల్లో ఎడిషనల్ షీట్లు ఎన్ని తీసుకుంటే అన్ని మార్కులని నమ్మి పెరిగినవాళ్లం మనం. దారం కట్టి ఇచ్చిన పేపరు మందంగా ఉంటే మేష్టారు చదవకుండానే మార్కులు వేసేస్తారని ధైర్యం. ఆ అలవాటు ఉద్యోగంలోకీ వచ్చింది. రెండోది భయం. రేపు ఎవరైనా "ఇది ముందే ఎందుకు చెప్పలేదు" అంటే "రాశాను కదండీ, తొమ్మిదో పేజీ చూడండి" అనొచ్చు. మాట రాకుండా రాసుకునే కాగితం అది. ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను, ఎందుకంటే మాట పడేది కింది వాళ్లే. కాబట్టి వివరాలన్నీ మీ ఫీల్డ్ డైరీలో తేదీ వేసి రాసుకోండి. రేపు ఎవరు ప్రశ్నించినా డైరీనే సాక్ష్యంగా తీసుకుంటాను. ఇది నా మాట.

ఆ సెప్టెంబరు రిపోర్టు మొదటి పేరా ఇలా మొదలవుతుంది. రాసిన అబ్బాయిని అడిగి, అతను సరేనన్నాకే ఇక్కడ పెడుతున్నాను:

"తేది 12-09 నాడు ఉదయం 7 గంటలకు మా బృందము పర్లాకిమిడి కార్యాలయము నుండి జీపునందు బయలుదేరి, మార్గమధ్యమున వర్షము కారణముగా కొంత ఆలస్యము జరిగినప్పటికీ, 10.30 గంటలకు సదరు గ్రామమునకు చేరుకొనుట జరిగినది. గ్రామ పెద్దలు మమ్ములను సాదరముగా ఆహ్వానించడమైనది."

వాన పడింది, జీపు ఆలస్యమైంది, పెద్దలు రమ్మన్నారు. నీళ్ల సంగతి? నిన్న సాయంత్రం అతనూ నేనూ కూర్చుని ఇదే రిపోర్టుని మళ్లీ రాశాం. ఇప్పుడు పైన ఇలా ఉంది:

"బడి దగ్గరి చేతిపంపు నీళ్లు తాగకూడదు. 12న పట్టిన సీసా 13 సాయంత్రానికి నల్లబడింది. పంపు గట్టు పగిలి, పక్కనున్న మురుగు లోపలికి దిగుతోంది. పంపుకి ఎర్రగుడ్డ కట్టాం, హెడ్మాస్టారికి చెప్పాం. గట్టు బాగుచేసి, బోరులో క్లోరిన్ వేసి, నీళ్లు మళ్లీ పరీక్ష చేయించాలి: ఆర్‌డబ్ల్యూఎస్ఎస్, 18 లోగా. అప్పటిదాకా పిల్లలకి ఊరి మధ్య కొళాయి నీళ్లు ఇస్తున్నారు. అక్కడ క్లోరిన్ లీటరుకి 0.2 మిల్లీగ్రాములు ఉంది."

రాయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అందులో పది నిమిషాలు "18 లోగా" అనొచ్చా లేదా అని వాదించుకున్నాం. ఆ వాదన మంచిదే. పదకొండు పేజీల్లో ఎవరు చేయాలి, ఎప్పటికి చేయాలి అన్న మాట ఎక్కడా లేదు, రాస్తున్నప్పుడు అది లేదని ఎవరికీ తట్టలేదు. చోటు తక్కువైతే ఏది ముఖ్యమో మనమే తేల్చుకోవాలి, ఆ పని చదివేవాళ్ల మీదకి నెట్టలేం. చిన్న డ్రాఫ్టు వల్ల నాకు కనబడిన పెద్ద లాభం ఇదే. తప్పులు కూడా దాక్కోలేవు. ఆ రిపోర్టులోనే ఇళ్లు ఒకచోట 64, ఇంకోచోట 46 అని ఉన్నాయి. ఐదు పేజీల దూరంలో ఉన్నాయి కాబట్టి ముగ్గురం చూసి కూడా పట్టుకోలేకపోయాం.

భాష గురించి ఒక్క మాట. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మన పర్లాకిమిడి. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని పోట్లాడిన మనిషి, సవర భాష నేర్చుకుని సవర పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పించిన మనిషి. ఏటా ఆగస్టు 29న ఆయన ఫోటోకి దండ వేస్తాం, 30న మళ్లీ "పర్యవేక్షణ నిమిత్తం సందర్శించడమైనది" అని రాస్తాం. "చూసొచ్చాం" అంటే చాలు. లైనులో సగం చోటు మిగులుతుంది, మాస్టారికి ఒడియా చేయడమూ సులువు.

ఇది నా సొంత తెలివేమీ కాదు. 1940 ఆగస్టులో, లండన్ మీద యుద్ధం ముంచుకొచ్చిన రోజుల్లో, చర్చిల్ తన మంత్రులకీ అధికారులకీ రిపోర్టులు కుదించమని ఒక నోటు పంపాడు. ముఖ్యమైన సంగతులు చిన్న చిన్న పేరాల్లో పెట్టండి, లెక్కలూ వివరాలూ విడిగా జతచేయండి అన్నాడు. మూడేళ్లకి బెంగాల్ కరువులో జనం ఆకలితో పోతుంటే ఆయన ఏం చేశాడో మనకి తెలుసు కాబట్టి దండ మాత్రం వేయను. కాగితం విషయంలో మాట సరైనదే.

ఇక మీరు అడగబోయేవి. అక్షరాల సైజు 12, తగ్గించకండి. మన వత్తులు, గుణింతాలు చోటు ఎక్కువ తింటాయని తెలుసు, అయినా 9 సైజులో నాలుగు పేజీల సరుకు ఒక్క పేజీలోకి దూర్చితే తిప్పి పంపుతాను. అంచులు తగ్గించి చోటు పెంచినా అంతే. పైన మూడు లైన్లలో ఏం తేలింది, ఎవరు ఏం చేయాలి, ఎప్పటిలోగా అన్నది రావాలి. ఆ కింద మీరు ఎలా రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఫోటోలు, పరీక్షల పట్టిక, ఇంటింటి లెక్క వేరే ఫైలులో పెట్టండి, దానికి పేజీల హద్దు లేదు. కావలసినవాళ్లు తెరిచి చూస్తారు. గ్రామసభ తీర్మానాలు, ల్యాబ్ కాగితాలు, ప్రమాదం జరిగితే రాసేవి ఈ రూలు కిందకి రావు, అవి ఉన్నవి ఉన్నట్టే.

సీసా నల్లబడినా, ఊళ్లో ఇద్దరికి మించి విరేచనాలు కనబడినా రిపోర్టు కోసం ఆగకండి. ఆ రాత్రే ఫోన్ చేయండి. పదకొండు దాటినా పర్లేదు, నేను ఎత్తకపోతే మా ఆయన ఫోన్‌కి చేయండి, ఆయన నన్ను లేపుతారు.

"పేజీలు తగ్గితే పైవాళ్లు మనం పని చేయలేదనుకుంటారు" అని నిన్న ఒకరన్నారు. న్యాయమైన అనుమానమే. భువనేశ్వర్ ఆఫీసుతో మాట్లాడాను. రెండు నెలలు చూద్దాం అన్నారు, గట్టిగా ఊ అనలేదు. వాళ్లకి ఎక్కువ వివరం కావాలంటే నన్ను అడుగుతారు, మీ డైరీల్లోంచి తీసి నేనే రాసిస్తాను. సెప్టెంబరు ఆఖరుకి కుదరదని తేలితే రూలు మారుద్దాం.

శనివారం పదింటికి ఆఫీసుకి రండి. ఒక్కొక్కరు తమ పాత రిపోర్టు ఒకటి, ఎర్ర పెన్ను ఒకటి తెచ్చుకోండి. పక్కవాళ్ల రిపోర్టు మీరు కొట్టివేయాలి, మీది వాళ్లు కొట్టివేస్తారు. నాది కూడా ఒకటి పెడుతున్నాను, పోయిన ఏడాది వార్షిక నివేదిక, 38 పేజీలు. మొహమాటపడకండి. మాస్టారు కూడా వస్తానన్నారు, ఆయన ఎర్ర పెన్ను నాకే గురిపెడతారని అనుమానంగా ఉంది. జీపు ఆ రోజు మోహన వెళుతోంది కాబట్టి గుమ్మ వాళ్లు బస్సులో రావాలి, టికెట్లు దాచండి. టిఫిన్ ఇక్కడే.

సత్యవతి