మెట్ల కింది గదిలో కొత్త స్విచ్: గాలి, కరెంటు, బ్యాటరీ ప్లాన్

మెయింటెనెన్స్ ఇన్‌చార్జ్ గారికి,

భీమవరం–నరసాపురం రోడ్డులోని మన రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో పాత నెట్‌వర్క్ స్విచ్ తీసేసి, నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు కూడా పంపే 48 పోర్టుల పీఓఈ స్విచ్ పెట్టాలనుకుంటున్నాం కదా, దాని ప్లాన్ ఇది. పర్చేజ్ వాళ్లకు ఆర్డర్ పంపే ముందు మీరూ ఎలక్ట్రీషియనూ కలిసి చదవండి. ఇందులో కొన్ని విషయాలు సామాను వచ్చాక మార్చుకోవడానికి కుదరవు. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది గాలి దిశ.

గది మెట్ల కింద ఆరడుగులు, ఐదడుగులు. ఒక గోడ కోల్డ్ స్టోర్ ముందు గదికి ఆనుకుని ఉంది, వానాకాలంలో అది చెమ్మ కారుతుంది. ర్యాక్ ఆ గోడకు వద్దు. ఇంకో గోడ అవతల అమ్మోనియా కంప్రెసర్ల గది. అటునుంచి చిన్న కన్నం ద్వారా కూడా గాలి రాకూడదు. లీకైనప్పుడు కాస్త అమ్మోనియా తగిలినా రాగి, ఇత్తడి తినేస్తుంది, స్విచ్ లోపల కరెంటు దారులన్నీ రాగే. ఆ గోడలో పాత కేబుల్ కన్నాలు రెండున్నాయి, సిమెంటుతో పూడ్పించండి. ర్యాక్ తలుపుకు ఎదురు గోడకు, నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో పెడదాం. గట్టి వానకు మెట్ల కింద నీళ్లు నిలుస్తాయన్నది మీకు తెలిసిందే.

గాలి ఎటునుంచి తీసుకోవాలన్నది తేల్చుకుంటే మిగతావన్నీ దాన్ని బట్టి కుదురుతాయి. ఈ తరగతి స్విచ్‌లు ఎక్కువ భాగం 45 డిగ్రీల వరకే పనిచేస్తామంటాయి. రోహిణి కార్తెలో బయట 42 ఉంటే, గదిలోంచి గాలి బయటికొచ్చేసరికి ఇంకో 8 డిగ్రీలు పెరిగితే 50. కాబట్టి బయటి గాలి పనికిరాదు. ఆఫీసు వరండాలో ఏసీ ఉంది, పగలు 28 దగ్గర ఉంటుంది. తలుపు కింది భాగంలో అడుగున్నర వెడల్పు లూవర్ పెట్టి, వెనక సన్న ఫిల్టర్ తగిలించి, ఆ గాలినే లోపలికి తెద్దాం. పైన, ర్యాక్ వెనక వైపు గోడలో, ఆరంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ బయటి సందులోకి వదులుతుంది. బయట మూతికి స్టెయిన్‌లెస్ స్టీల్ జాలి వేయించండి, ఈగలు రాకుండా ఉంటాయి, ఉప్పుగాలికి తొందరగా తుప్పు పట్టదు.

ఫ్యాన్ సైజు ఎంతంటే: గదిలో పుట్టే వేడి 260 వాట్లు. స్విచ్ సొంత వాడకం 110, దాని పవర్ సప్లైల్లో పోయేది 48, కెమెరాల రికార్డింగ్ పెట్టె ఎన్‌వీఆర్ 60, ఫైర్‌వాల్ 30, ఫైబర్ బాక్స్ 12. పీఓఈ కింద కెమెరాలకు వెళ్లే కరెంటు ఈ లెక్కలో ఉండదు, అది ఎక్కువ భాగం కెమెరా దగ్గరే వేడిగా మారుతుంది.

`CFM = 1.76 × W ÷ ΔT`

260 వాట్లకు, 8 డిగ్రీల పెరుగుదలకు 57 సీఎఫ్‌ఎం, అంటే నిమిషానికి 57 ఘనపుటడుగుల గాలి, వస్తుంది. ఫిల్టర్, జాలి అడ్డు వచ్చి పెట్టె మీద రాసినంత గాలి రాదు, అందుకని 120 రేటింగ్ ఉన్నది తీసుకుందాం.

ఇక స్విచ్‌లో గాలి దిశ. మన ర్యాక్‌లో పోర్టులు ముందుకు, అంటే తలుపు వైపుకు ఉంటాయి. చల్లగాలి వచ్చేది కూడా అటునుంచే. కాబట్టి పోర్టుల వైపు నుంచి లోపలికి పీల్చి, పవర్ సప్లైల వైపు వదిలే రకం కావాలి. ఒకే మోడల్ రెండు దిశల్లోనూ దొరుకుతుంది, ఆర్డర్ కోడ్‌లో చిన్న తేడా ఉంటుంది. ఫ్యాన్ మాడ్యూళ్లూ రెండు పవర్ సప్లైలూ ఒకే దిశవి కావాలి. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ ఊదితే లోపల గాలి కదలదు, స్విచ్ అలారం ఇస్తుంది, కొన్ని మోడళ్లు ఆగిపోతాయి కూడా. రంగు చూసి నమ్మొద్దని స్టోర్స్‌లో చెప్పండి. ఒక కంపెనీ నీలం పెట్టిన దిశకు ఇంకో కంపెనీ వేరే రంగు పెడుతుంది. బాణం గుర్తు చూడాలి, కోడ్ చూడాలి.

పక్క నుంచి పక్కకు ఊదే స్విచ్ చవకగా వస్తుందని డీలర్ చెప్పొచ్చు. వద్దు. 600 మిల్లీమీటర్ల వెడల్పు ర్యాక్‌లో ఇరుపక్కలా మిగిలే జాగా కేబుళ్లతో నిండిపోతుంది, వదిలిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. లోతు కూడా 600 ఉన్న 9యూ ర్యాకే తీసుకోవాలి. 450 లోతు దాంట్లో స్విచ్ వెనకభాగం వెనక పలకకు ఒత్తుకుని పవర్ కార్డు వంగడానికి చోటుండదు, గాలి పోవడానికి అసలే ఉండదు. ర్యాక్ వెనక, గోడకు మధ్య ఆరంగుళాలు వదిలే బ్రాకెట్లు చేయించండి, వెనక పలక చిల్లులది కావాలి. సామాను లేని ఖాళీ యూ అరలన్నిటినీ మూసేలా బ్లాంకింగ్ ప్లేట్లు బిగిద్దాం. అవి లేకపోతే వెనక వేడి ముందుకు తిరిగొస్తుంది, అప్పుడు బయట ఎంత ఏసీ ఉన్నా లాభం లేదు.

పవర్ సప్లైలు. రాత్రి పూట ఎక్కువ లోడు: 22 కెమెరాలు చీకట్లో చూడ్డానికి ఐఆర్ లైట్లు వెలిగినప్పుడు 9 వాట్ల చొప్పున 198, ఎనిమిది వైఫై యాక్సెస్ పాయింట్లు 104, ఫోన్లూ టెంపరేచర్ గేట్‌వే కలిపి 24. మొత్తం పీఓఈ 326. స్విచ్ సొంత 110 కలిపి, సప్లై సామర్థ్యం 90 శాతం అనుకుంటే గోడ నుంచి తీసుకునేది 484 వాట్లు. ఈ మొత్తాన్ని ఒక్క సప్లై ఒంటరిగా మోయగలగాలి. రెండూ కలిపితే సరిపోతుంది అన్నది బ్యాకప్ కాదు. ఒక్క సప్లైతోనే పీఓఈకి కనీసం 370 వాట్లు ఇచ్చే మోడల్ అడగండి. స్విచ్‌లో పవర్ మోడ్ కూడా కంబైన్డ్‌లో కాకుండా రిడండెంట్‌లో ఉంచుతాను. కంబైన్డ్‌లో ఉంటే పైన ఇంకో పది కెమెరాలు తగిలించినా స్విచ్ ఒప్పుకుంటుంది, ఒక సప్లై పోయిన రోజు కొన్ని కెమెరాలు ఆరిపోతాయి.

మొదటి సప్లై యూపీఎస్ నుంచి. రెండోది యూపీఎస్ తగలకుండా, జనరేటర్ ఉన్న బోర్డు నుంచి నేరుగా, విడి ఎంసీబీతో, సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి. రెండూ యూపీఎస్‌కే తగిలిస్తే, యూపీఎస్ చెడిపోయినప్పుడు రెండూ ఒకేసారి పోతాయి. నా అనుభవంలో స్విచ్ కంటే ముందు చెడేది యూపీఎస్సే. వీలైతే యూపీఎస్‌కు ఆర్ ఫేజ్, నేరు లైనుకు వై ఫేజ్ ఇవ్వండి, ఒక ఫేజ్ ఫ్యూజు పోయినా ఇంకోటి నిలుస్తుంది. కానీ ఆ ర్యాక్‌లో రెండు ఫేజుల మధ్య 400 వోల్టుల దాకా ఉంటుంది. ఎర్ర అక్షరాలతో బోర్డు తప్పనిసరి. రెండు కార్డులకు రెండు రంగుల టేపు చుట్టండి.

ఎన్‌వీఆర్, ఫైర్‌వాల్, ఫైబర్ బాక్స్ వీటికి సప్లై ఒక్కటే, యూపీఎస్ మీదే ఉంటాయి. అందుకే కోల్డ్ స్టోర్ టెంపరేచర్ అలారం మొత్తం ఈ స్విచ్ మీదే వదిలేయొద్దని నా గట్టి మాట. సిమ్ కార్డుతో సొంతంగా ఫోన్ చేసే చిన్న అలారం పెట్టె విడిగా ఉండాలి. లోపల ఉన్న సరుకు ముందు దాని ఖర్చు లెక్కలోకి రాదు.

బ్యాటరీ దగ్గర చాలామంది పొరబడే చోటు ఒకటుంది. మామూలు రోజుల్లో రెండు సప్లైలు లోడు చెరిసగం పంచుకుంటాయి. యూపీఎస్ మీద స్విచ్ వాటా 242 వాట్లే, మిగతా పరికరాలు 102, ఎగ్జాస్ట్ ఫ్యాన్ 35, మొత్తం 379. యూపీఎస్ తెర మీద చూపించే రన్‌టైమ్ ఈ 379కి. కరెంటు పోగానే నేరు లైను కూడా పోతుంది, స్విచ్ మొత్తం యూపీఎస్ మీదకొచ్చి 621 అవుతుంది. తెర మీద రెండు గంటల పైన కనబడ్డ టైమ్ ఒక్కసారిగా గంటా పావుకు పడిపోతుంది. ఆ తెర చూసి ధైర్యంగా ఉండకండి, లెక్క 621కే వేయాలి.

జనరేటర్ దానంతటదే అరనిమిషంలో ఎత్తుకుంటుంది, మామూలు కోతలకు ఏ చిన్న యూపీఎస్ అయినా చాలు. మనం లెక్క వేయాల్సింది జనరేటర్ ఎత్తుకోని రాత్రికి. అక్టోబరు, నవంబరు తుఫానులప్పుడు మెకానిక్ వచ్చేదాకా నెట్‌వర్క్ నిలవాలి. బ్యాటరీలు పాతబడి 80 శాతానికి దిగినా పూర్తి లోడు మీద ఒక గంట రావాలన్నది నేను పెట్టుకున్న గీత. 621 వాట్లకు ఇన్వర్టర్ నష్టం కలిపి బ్యాటరీ మీద 706 పడుతుంది. సీసం బ్యాటరీని గంటలో ఖాళీ చేస్తే రాసి ఉన్న ఆంపియర్ అవర్లలో సుమారు 60 శాతమే ఇస్తుంది.

`706 ÷ (0.6 × 0.8) ≈ 1470 Wh`

36 వోల్టుల యూపీఎస్‌కు 12 వోల్టులు, 42 ఆంపియర్ అవర్ బ్యాటరీలు మూడు పెడితే 1512. సరిపోతుంది. యూపీఎస్ 1 కేవీఏ ఆన్‌లైన్, 900 వాట్లది. లాంగ్ బ్యాకప్ మోడలే కావాలి, చార్జర్ కనీసం 4 ఆంపియర్లు. ఒక ఆంపియర్ చార్జర్‌తో ఈ బ్యాటరీలు నిండడానికి రెండు రోజులు పడుతుంది, తుఫాను వేళ కరెంటు అంత వ్యవధి ఇవ్వదు.

కోత పది నిమిషాలు దాటితే 19 కెమెరాలు, ఆరు యాక్సెస్ పాయింట్లు, ఫోన్లు ఆపేసేలా స్క్రిప్టు పెడతాను. గేటు దగ్గర కెమెరా, కోల్డ్ స్టోర్ రెండు కెమెరాలు, రెండు యాక్సెస్ పాయింట్లు, టెంపరేచర్ గేట్‌వే మిగులుతాయి. లోడు 327కు దిగుతుంది, పాత బ్యాటరీలతో కూడా మొత్తం రెండు గంటల దాకా వస్తుంది. ఏ కెమెరాలు ముఖ్యమో సెక్యూరిటీ వాళ్లను ఒకసారి అడగండి, నేననుకున్న మూడూ వాళ్ల మూడూ ఒకటి కాకపోవచ్చు.

యూపీఎస్, బ్యాటరీలు ఆ గదిలో పెట్టొద్దు. 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకూ ఈ బ్యాటరీల ఆయుష్షు సగమవుతుంది. అకౌంట్స్ గదిలో, ఏసీలో, అడుగున్నర ఎత్తు ఇనప స్టాండు మీద పెడదాం. మూసిన చెక్క బీరువాలో మాత్రం కాదు, చార్జింగులో కాస్త హైడ్రోజన్ వదులుతాయి.

బిగించాక స్విచ్‌లో ఇవి చూస్తాను:

```
show environment all
show power inline
```

తర్వాత స్విచ్ ముందు పలచటి కాగితం ముక్క పట్టుకుంటే పోర్టుల వైపుకు అంటుకోవాలి, వెనక ఎగరాలి. ఆపైన నేరు లైను సప్లై పీకి అరగంట, పెట్టి యూపీఎస్ సప్లై పీకి అరగంట. చివరగా రాత్రి పది తర్వాత, కెమెరాల ఐఆర్ వెలిగి ఉండగా, రెండు ఎంసీబీలూ దించి, స్క్రిప్టు ఆపి, యూపీఎస్ పూర్తిగా దిగేదాకా గడియారం పెట్టి చూడాలి. కొత్త బ్యాటరీలతో 75 నిమిషాల లోపు పడిపోతే డీలరుకు వాపసు. ఈ చివరి పరీక్ష ఏటా సెప్టెంబరులో మళ్లీ చేయాలి, గంటకు తగ్గితే బ్యాటరీలు మార్చాలి.

తాపీ పని, రెండో ఎంసీబీ లైను ఈ వారంలో మొదలుపెట్టించండి. స్విచ్ కొటేషన్ వచ్చాక, ఫ్యాన్‌కూ రెండు సప్లైలకూ ఉన్న కోడ్‌లు నాకు ఫోటో పంపండి, చూసి చెప్పాకే ఆర్డర్ వెళ్లాలి.