పర్లాకిమిడి కేంద్రంలో జీడిపిక్కల నిల్వపై నివేదిక సమర్పణ

పర్లాకిమిడి,
16-12-2024.

జనరల్ మేనేజర్ (కొనుగోళ్లు) గారికి,
ప్రధాన కార్యాలయం, పలాస.

విషయం: 2024 సీజనులో పాడైన జీడిపిక్కలపై నివేదిక – కళ్లం అద్దెకు, పరికరాలకు అనుమతి కోరుట గురించి.

ఆర్యా,

గత సీజనులో ఈ కేంద్రం నుంచి పలాస ఫ్యాక్టరీకి పంపిన సరుకులో బూజు ఎందుకు వచ్చిందో విచారించి నివేదించవలసిందిగా తమరు ఆదేశించిన మీదట, కొనుగోలు చీటీలను, లారీ రశీదులను, ఫ్యాక్టరీ తనిఖీ పుస్తకాన్ని పోల్చి చూసి తయారుచేసిన 14 పుటల నివేదికను ఈ లేఖతో జతపరచి పంపుతున్నాను.

మొత్తం 1,860 బస్తాలు పంపగా 214 బస్తాలను ఫ్యాక్టరీ పక్కన పెట్టింది. వాటిలో 187 బస్తాలు మే 15 తరువాత, వానజల్లులు మొదలయ్యాక కొన్నవే. గుమ్మ, కాశీనగర్ వైపు నుంచి రైతులు తెచ్చిన పిక్కలు పచ్చిగా ఉన్నందుకు వారిని తప్పుపట్టే వీలు లేదు. చెట్టు కింద ఏరిన పిక్కను రెండు మూడు రోజులు ఎండబెట్టి, తేమ తొమ్మిది శాతం లోపుకు దిగాకే బస్తాకెత్తాలన్నది మనం పాటించవలసిన నియమం. ఇక్కడ సిమెంటు కళ్లం లేదు, తేమ కొలిచే మీటరూ లేదు. గుప్పెడు పిక్కలు చెవి దగ్గర ఆడించి, రెండింటిని కోసి చూసి సరుకు దించుకున్నాం. వేసవిలో సరిపోయిన ఆ పద్ధతి ముసురులో సరిపోదని ముందే గ్రహించి తమకు రాయకపోవడం నా వైపు నుంచి జరిగిన లోపం. ఫ్యాక్టరీ లెక్క ప్రకారం ఈ నష్టం రూ. 4.60 లక్షలు, గుడ్డుగా రావలసిన పప్పు నల్లబడి తక్కువ ధరకు పోవడమే అందులో పెద్ద భాగం.

పాతపట్నం రోడ్డులో మూతపడిన రైసుమిల్లు కళ్లాన్ని, షెడ్డుతో సహా, మార్చి నుంచి జూన్ వరకు నెలకు రూ. 18,000 చొప్పున ఇచ్చేందుకు యజమాని ఒప్పుకున్నారు. కొత్త కళ్లం కట్టడం కంటే ముందు ఒక సీజను ఇలా నడిపి చూడడం మేలని నా అభిప్రాయం. దీనికి రూ. 72,000, రెండు తేమ మీటర్లకు రూ. 30,000, టార్పాలిన్లకు రూ. 16,000, వెరసి రూ. 1,18,000 మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను. పిక్కలు ఆరాక బరువు తగ్గుతుంది కాబట్టి, కొన్న తూకానికీ పంపిన తూకానికీ మధ్య ఎంత తేడా వరకు అంగీకరిస్తారో కూడా లిఖితపూర్వకంగా తెలియజేయాలి. అది తేలకుండా ఆరబెట్టమంటే గుమాస్తాలు జంకుతారు.

అమ్మేవారిలో తెలుగు, ఒడియా, సవర మాట్లాడేవారు కలిసి ఉన్నందున తేమను బట్టి ధర తగ్గించే పట్టికను తెలుగు, ఒడియాలలో గోడపై రాయించి, సవర వారికి నోటితో వివరించే ఏర్పాటు మా స్థాయిలోనే చేసుకుంటాం.

మిల్లు యజమాని జనవరి 20 వరకే మాట నిలుపుతామన్నారు. ఆ లోగా తమ నిర్ణయం తెలియజేయవలసిందిగా ప్రార్థన. తమరు కోరితే లెక్కల పుస్తకాలతో పలాస వచ్చి వివరించగలను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఇన్‌ఛార్జి, పర్లాకిమిడి కొనుగోలు కేంద్రం.

జతపరచినవి: నివేదిక (14 పుటలు), ఫ్యాక్టరీ తనిఖీ పుస్తకం నకలు, మిల్లు యజమాని అంగీకార పత్రం.
ప్రతి: ఫ్యాక్టరీ మేనేజరు గారికి, సమాచారం నిమిత్తం.