పాస్టర్ అయ్యగారికి క్షమాపణ ఉత్తరం

కనిగిరి,
సోమవారం రాత్రి.

పూజ్యులు పాస్టర్ అయ్యగారికి,

మన ప్రభువు నామంలో వందనాలు. అమ్మగారికి కూడా నా వందనాలు చెప్పండి.

నిన్న ఆరాధనలో మీరు వాక్యం చెబుతుండగా మధ్యలో లేచి మాట్లాడినందుకు నన్ను క్షమించమని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోన్ చేద్దామని మీ నంబరు నొక్కి, రింగు పోకముందే కట్ చేశాను. ఫోన్లో అయితే మీరు "సరేలే నాయనా, ప్రార్థన చేసుకో" అని ఒక్క మాటతో వదిలేస్తారు. మీ గుణం నాకు తెలుసు. కానీ మీకు తెలియని సంగతి ఒకటుంది. అది విన్నాక కూడా వదిలేయగలిగితే అప్పుడు వదిలేయండి.

నిన్న మీ మైకు పోలేదు అయ్యగారూ. నేనే తగ్గించాను.

అందరూ లో వోల్టేజీ అనుకున్నారు. సంఘ పెద్ద ఒకాయన పాపం లేచి వెళ్ళి స్టెబిలైజర్ కూడా చూసొచ్చారు. "విశ్వాసం సగం ఉన్నచోట స్వస్థత కూడా సగమే" అని మీరు అనగానే ఆడవాళ్ళ వైపు తలలు తిరిగాయి. అందరూ మా పెద్దమ్మ వంక చూశారు. ఆమె కుర్చీలోంచి కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది కదా, మోకాళ్ళు మడతపడవని. ఆ కాళ్ళను చీర కుచ్చిళ్ళతో కప్పుకోవడం నా కంటబడింది. అప్పుడే నా చెయ్యి మిక్సర్ మీదికి పోయింది. మీ మైకు బటన్ కిందికి లాగేశాను, పాటల మైకు అందుకున్నాను, "నీళ్ళ వల్ల వచ్చింది అయ్యగారూ, విశ్వాసం తక్కువై కాదు, అట్లా అనబాకండి" అని అరిచాను. మీరు ఏదో బదులు చెప్పారు. మీ పెదాలు కదలడం చూశాను. ముందు రెండు వరసల వాళ్ళకు తప్ప మీ మాట ఎవరికీ వినబడలేదు. బయట షామియానా కిందున్న వాళ్ళకు నేను ఒక్కడినే వినబడ్డాను.

కోపంలో నోరు జారింది అని చెప్పుకుని దీన్ని చిన్నది చేయొచ్చు. నిన్న సాయంత్రం దాకా నాకు నేను అదే చెప్పుకున్నాను. కానీ నోరు జారినవాడు ఎదుటివాడి మైకు కట్ చేయడు. మీ గొంతు జనానికి చేర్చమని సంఘం నన్ను అక్కడ కూర్చోబెట్టింది. ఆ కుర్చీలో కూర్చునే మీ గొంతు ఆపేశాను. నాకు ఎక్కువ సిగ్గుగా ఉన్నది దీనికే.

లైవ్ సంగతి ఇంకా ఘోరం. ఫోన్లోకి శబ్దం మిక్సర్ నుంచే పోతుంది కాబట్టి వీడియోలో నా కేక మాత్రమే ఉంది. మీరు నిలబడి నోరు మెదపనట్టు కనిపిస్తుంది. రాత్రి దాన్ని పేజీలోంచి తీసేశాను కానీ అప్పటికే ఎవరో ముక్క కోసి వాట్సాప్‌లో తిప్పారు. హైదరాబాదులో మేస్త్రి పనికి పోయిన మనవాళ్ళు "ఏందబ్బాయ్, అయ్యగారు బదులు కూడా చెప్పలేకపోయాడంట" అని నాకే ఫోన్ చేశారు, పొగిడినట్టుగా. వాళ్ళకు అక్కడికక్కడే చెప్పాను, మైకు నేను తగ్గించానని. సంఘం గ్రూపులో కూడా ఇదే మాట నా పేరుతో పెడతాను. ముందు మీకు చెప్పకుండా అక్కడ పెట్టడం బాగుండదని ఆగాను.

మా పెద్దమ్మ మాట కూడా చెప్పాలి. మధ్యాహ్నం అన్నం తీసుకుని వెళ్ళాను, మెచ్చుకుంటుందనే అనుకుంటూ. గిన్నె పక్కన పెట్టి, "ఏందిరా నువ్వు చేసిన పని? అయ్యగారు నా పేరు ఎత్తలేదు. నా కాళ్ళ సంగతి మైకులో చెప్పింది నువ్వు" అంది. ఇంక నా మొహం చూడలేదు. ఆమె తరఫున మాట్లాడుతున్నానని అనుకున్నవాణ్ణి ఆమెను అడగనైనా లేదు. మీరు ఆమెను ఉద్దేశించి అన్నారో లేదో కూడా నాకు తెలియదు. తలలు తిప్పింది జనం, మీరు కాదు. ఆరాధన అయ్యాక వరండాలో అడిగి ఉంటే మీరే చెప్పేవారు. వృద్ధుణ్ణి గద్దించొద్దు, తండ్రిలా భావించి చెప్పు అని పౌలు తిమోతికి రాసిన మాట సండే స్కూల్లో పిల్లల చేత నేనే కంఠస్థం చేయించాను. నిన్న ఆ పిల్లలు ముందు చాపల మీదే కూర్చుని ఉన్నారు.

మీరు మాకు ఏం చేశారో మరిచి మాట్లాడలేదు అయ్యగారూ. మా నాన్న పోయిన రాత్రి వర్షంలో బండి మీద వచ్చి తెల్లారేదాకా మా గడపలో కూర్చున్నారు. పెద్దమ్మను మొదటిసారి ఒంగోలు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది కూడా మీరే. ఆ మనిషి నోట ఆ మాట విన్నాననే ఎక్కువ మండింది. ఇది సాకుగా చెప్పడం లేదు, జరిగింది చెబుతున్నాను.

క్షమాపణ అడుగుతూ ఇంకో మాట దాచిపెడితే అది మీకు అబద్ధం చెప్పినట్టే. అరిచిన తీరుకు, చోటుకు, మైకు తగ్గించినందుకు నిలువునా క్షమాపణ అడుగుతున్నాను. అడిగిన విషయంలో మాత్రం నా మనసు మారలేదు. మన వైపు బోరు నీళ్ళ సంగతి మీకు నేను చెప్పేదేముంది. ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. అంతకు మించిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపడతాయి, ఆ తర్వాత ఎముకలు బిగుసుకుంటాయి, మెడ తిరగదు, మోకాలు మడతపడదు. కాచి తాగితే పోతుందని చాలామంది నమ్మకం. పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. ఒకసారి బిగుసుకున్న ఎముకను మందులు వెనక్కి తేలేవు, నీళ్ళు మార్చుకోవడమే దారి అని పెద్దమ్మకు డాక్టరు చెప్పినప్పుడు మీరూ పక్కనే ఉన్నారు. అదే బోరు నీళ్ళు తాగిన విశ్వాసికీ, అవిశ్వాసికీ ఆ జబ్బు ఒకేలా వస్తుంది. అలాంటి మనిషి ప్రార్థనకు వచ్చి, స్వస్థత రాకపోతే తన విశ్వాసమే తక్కువేమోనని ఇంటికెళ్ళి ఏడిస్తే, నొప్పికి తోడు నింద కూడా మోసినట్టు కాదా? పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వాడూ కాదు, వాడి కన్నవాళ్ళూ కాదు అని ప్రభువు చెప్పాడు కదా. ఆ భాగం మీద మీరే ఒకసారి ఎంతో బాగా చెప్పారు. ఆ రోజు చెప్పిన దానికీ నిన్న చెప్పిన దానికీ నాకు పొంతన కుదరలేదు. నాకు అర్థం కానిది ఏదైనా ఉంటే మీరు చెప్పండి, కింద కూర్చుని వింటాను.

మీ దగ్గరే విన్న ఇంకో సంగతి కూడా నిన్నటి నుంచి మనసులో తిరుగుతోంది. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మనవాళ్ళకు పని చూపించాడని, కూటి కోసం వస్తున్నారేమోనని కరువు పోయేదాకా బాప్తిస్మాలు ఆపాడని, ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2222 మందికి బాప్తిస్మం ఇచ్చారని మిషను పండగకు మీరు చెప్పారు. అందరూ ఆ 2222 గురించి మాట్లాడుకుంటారు. నాకు మాత్రం ముందు కూడు, తర్వాతే మిగతాది అన్న వరస గుర్తుండిపోయింది. మన దగ్గర ఆ కూడు నీళ్ళే అనిపిస్తుంది.

అందుకే ఒక చిన్న మనవి. మందిరం వరండాలో పెట్టే కుండ నీళ్ళు కూడా ఆ బోరువే. ముసలివాళ్ళు, పిల్లలు ఆరాధన అయ్యాక అవే తాగి పోతున్నారు. మీరు సరేనంటే వచ్చే ఆదివారం నుంచి శుద్ధి చేసిన నీళ్ళు రెండు క్యాన్లు నా ఖర్చుతో తెచ్చి పెడతాను. బోరు నీళ్ళు చేతులు కడుక్కోవడానికి ఉంటాయి. ఇది నేను చేసిన దానికి పరిహారం అనుకోకండి. నిన్న ఆ గొడవ జరగకపోయినా చేయాల్సిన పనే, మనం ఎవరమూ పట్టించుకోలేదు.

ఇక సంఘం ముందు ఏం చేయాలన్నది మీ ఇష్టం. అందరి ముందు చేశాను కాబట్టి అందరి ముందే క్షమాపణ చెప్పడం న్యాయం. వచ్చే ఆదివారం ప్రకటనలప్పుడు రెండు నిమిషాలు ఇస్తే చాలు. మైకు తగ్గించింది నేనేనని, మీరు బదులు చెప్పారని, అది వినబడకుండా చేసింది నేనని చెబుతాను. నీళ్ళ గొడవ అక్కడ ఎత్తను. పెద్దమ్మ పేరు ఎత్తితే ఆమె ఈసారి మందిరానికే రాదు. వద్దు, గొడవ ఇంకా పెరుగుతుంది అని మీకు అనిపిస్తే మానేస్తాను. పెద్దల కమిటీ పిలిచినా వస్తాను, ఏ నిర్ణయం చేసినా కట్టుబడతాను. మా కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు నా వైపు మాట్లాడుతున్నట్టు తెలిసింది. వాళ్ళను నేను చూసుకుంటాను, మీరు టెన్షన్ పడకండి. ఈ గొడవలోంచి నా పేరుతో ఒక గుంపు లేవడం నాకు ఇష్టం లేదు.

వచ్చేది మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఉంది. మీతో మాట్లాడకుండా ఆ బల్ల దగ్గరికి నేను రాలేను. శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక మీ ఇంటికి వస్తాను. ఆ రోజు కుదరకపోతే ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను. తిట్టాలనిపిస్తే తిట్టండి. రావద్దనిపిస్తే అమ్మగారి చేత ఒక మాట చెప్పించండి, నేనేమీ అనుకోను.

ఇట్లు,
మీ బిడ్డ,
సుధాకర్

తా.క.: ఆంప్లిఫయర్ గది తాళంచెవి ఈ కవరులోనే పెట్టాను. మీరు మళ్ళీ ఇచ్చేదాకా నేను మిక్సర్ ముట్టుకోను. కీబోర్డు వాయించే తమ్ముడికి కనెక్షన్లన్నీ తెలుసు, వాడు చూసుకుంటాడు. మీ కార్డ్‌లెస్ మైకులో సెల్లులు నిజంగానే అయిపోవచ్చాయి, ఆదివారం లోపు మార్చమని వాడితో చెప్పండి.