పిన్నీ, నీ రిపోర్టు చూశాను

పిన్నీ, నువ్వు పంపిన రక్తపరీక్ష రిపోర్టు ఫోటో ఇప్పుడే పెద్దది చేసి చూశాను. రాత్రంతా నువ్వు భయపడ్డ బ్లడ్ క్యాన్సర్‌కి ఈ కాగితంలో సూచనలేవీ లేవు. ఉన్నది రక్తహీనత. అంకెలు చూస్తే ఐరన్ తగ్గి వచ్చిన రకంలాగే ఉంది. మాత్రలతో సర్దుకుంటుంది. కానీ ఐరన్ ఎక్కడికి పోతోందో మాత్రం తేల్చుకోవాలి, అది వదిలేయకు.

ముందు అంకెల పక్కనున్న ఆ హెచ్, ఎల్ గురించి. హెచ్ అంటే ఎక్కువ, ఎల్ అంటే తక్కువ. రేంజ్ దాటిన ప్రతి అంకె పక్కనా మెషీన్ ఆ అక్షరం బోల్డ్‌లో కొట్టేస్తుంది, ఎంత దాటిందో చూడదు. ఆరోగ్యంగా ఉన్న నూరుమందిలో 95 మంది అంకెలు పడే హద్దులనే రేంజ్ అంటారు. అంటే ఏ జబ్బూ లేనివాళ్లకి కూడా ఒకటో రెండో బోల్డ్‌లో రావడం మామూలే. అందుకే బోల్డ్ అంకెలు ఎన్నున్నాయని లెక్కపెట్టుకోకు. ఏది దేనితో కలిసి వచ్చిందో చూడాలి.

నీకు కలిసి వచ్చినవి ఇవి. హిమోగ్లోబిన్ 9.8, ఉండాల్సింది 12 నుంచి 15. ఎంసీవీ 70, ఉండాల్సింది 83 నుంచి 101. ఎర్రకణం సైజు అది, నీవి చిన్నగా ఉన్నాయి. ఎంసీహెచ్ 22, అంటే ఒక్కో కణంలో హిమోగ్లోబిన్ తక్కువ. ఆర్‌డీడబ్ల్యూ 17.8, వీటిలో అదొక్కటే ఎక్కువ: కణాలు ఒక సైజులో లేవు, పాతవి కాస్త పెద్దవి, ఐరన్ చాలక కొత్తగా పుట్టేవి చిన్నవి. పుట్టుకతో వచ్చే తలసేమియా మైనర్‌లోనూ కణాలు చిన్నగానే ఉంటాయి కానీ, అందులో సాధారణంగా ఎర్రకణాల సంఖ్య బాగా ఎక్కువగా ఉంటుంది. నీకు 4.45 మిలియన్లే. ఇంకో మాట, బియ్యం బుక్కుతుంటావని బాబాయ్ నిన్ను కోప్పడతాడు చూడు, అదీ ఐరన్ లోపంలో కనిపించేదే. డాక్టరుకి సిగ్గుపడకుండా చెప్పు.

ప్లేట్‌లెట్లు 4.6 లక్షలు, పక్కన హెచ్. ఐరన్ తగ్గినప్పుడు అవి ఇలా కొంచెం పెరుగుతాయి, ఐరన్ నిండాక దిగుతాయి. ఈఎస్‌ఆర్ 34 కూడా రక్తహీనతలో పెరిగేదే, దాన్ని విడిగా జబ్బు అనుకోకు. తెల్లకణాలు 7,400, వాటిలో రకాలు కూడా సరిగ్గానే ఉన్నాయి. నీ భయానికి సంబంధించిన వరుస అదే పిన్నీ, అక్కడ హెచ్ లేదు, ఎల్ లేదు.

రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.9 చూసి షుగర్ వచ్చేసిందని తీర్మానించుకోకు. ఐరన్ లోపం ఉంటే అది ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించవచ్చు. పరగడుపు షుగర్ 94, బాగానే ఉంది. రక్తం పెరిగాక మళ్లీ చూపించుకుంటే సరిపోతుంది.

ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లు. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్, రక్తకణాలని మైక్రోస్కోపులో చూసే స్మియర్ టెస్టులు రాయమని అడుగు. ఐరన్ మాత్ర మొదలుపెట్టక ముందే రక్తం ఇవ్వాలి. జ్వరం ఉన్న రోజు ఇవ్వకు, ఫెరిటిన్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. నెలసరి ఎన్ని రోజులు, గడ్డలు పడుతున్నాయా, రోజుకి ఎన్ని ప్యాడ్లు అన్నది రాసుకుని వెళ్లు. మోకాళ్లకి వేసుకునే నొప్పి మాత్రల స్ట్రిప్ కూడా పట్టుకెళ్లు. వాటివల్ల కడుపులో పుండు పడి, తెలియకుండా రక్తం పోయే అవకాశం ఉంది.

ఐరన్ రాస్తే, టీకి మాత్రకి రెండు గంటల ఎడం ఉండాలి, పాలకీ అంతే. పొద్దున వేసుకునే థైరాయిడ్ మాత్రకి నాలుగు గంటలు. నిమ్మరసంతో వేసుకోవచ్చు. విరేచనం నల్లగా అవుతుంది, అది మాత్ర రంగే. కడుపులో తిప్పితే మానేయకు, రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని డాక్టరునే అడుగు. నెలకి హిమోగ్లోబిన్ సుమారు 2 పెరగాలి. 12 దాటాక కూడా దాదాపు మూడు నెలలు వాడమంటారు, ఒంట్లో నిల్వ నిండాలి కదా. చాలామంది ఓపిక రాగానే ఆపేసి, ఏడాది తిరక్కుండా మళ్లీ మొదటికే వస్తారు.

కూర్చున్నా ఆయాసం, ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, గంటకో ప్యాడ్ తడిసిపోవడం, మాత్ర మొదలుపెట్టకుండానే తారులాంటి విరేచనం. వీటిలో ఏదొచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, అప్పటికప్పుడు ఆసుపత్రికి బయల్దేరు.

కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె మీద సరిగ్గా కాగితం మడత పడింది, 0.8 అని నాకనిపిస్తోంది కానీ ఊహించి చెప్పను. కాగితాన్ని బల్ల మీద సాఫుగా పరిచి, ట్యూబులైటు మెరుపు పడకుండా కిటికీ వెలుగులో, రేంజ్ గడి కుడి అంచుదాకా వచ్చేలా తీసి పంపు. రెండో పేజీ కూడా పంపు.