బాబాయి గారూ, మీ పాస్‌బుక్ పేజీ లెక్క సరిపోయింది

బాబాయి గారూ, పొద్దున్న మీరు పంపిన ఫోటో పెద్దది చేసుకుని, కాగితం మీద ఎక్కించుకుని లైను లైనుగా చూశానండి. ముందు ముఖ్యమైన మాట చెప్పేస్తాను: మీరు తక్కువయ్యాయనుకున్న అయిదు వేలు ఎక్కడికీ పోలేదు. తమ్ముడు తీశాడేమోనని అతణ్ణి ఏమీ అనకండి.

నేను చేసింది ఒకటే లెక్క. పై లైను బ్యాలెన్స్‌కి జమ ఉంటే కలపాలి, తీసినది ఉంటే తీసేయాలి. వచ్చిన అంకె ఆ లైను చివరనున్న బ్యాలెన్స్‌తో పైసలతో సహా కలవాలి. మీ పేజీ ఇలా ఉంది:

పాత పేజీ నుంచి తెచ్చినది: 42,615.50
13-05-2025 కొబ్బరి డబ్బు జమ 18,400 → 61,015.50
15-05-2025 ఏటీఎం 10,000 → 51,015.50
27-05-2025 ప్రమాద బీమా 20 → 50,995.50
27-05-2025 జీవిత బీమా 436 → 50,559.50
06-06-2025 నగదు తీసినది 8,500 → 42,059.50
18-06-2025 జమ 5,400 → 47,459.50
25-06-2025 వడ్డీ 298 → 47,757.50
02-07-2025 తీసినది 12,000 → 35,757.50
09-07-2025 జమ 2,000 → 37,757.50

మొదటి నాలుగు లైన్లూ తడుముకోకుండా కలిశాయి. బీమా కోతలు ఏటా మేలో పడేవే, మీరు సంతకం పెట్టినవే.

మీకు టెన్షన్ పెట్టింది జూన్ 6 లైను. అక్కడ ప్రింటు వెలిసిపోయి, ఫోటోలో అది 3,500లాగే కనిపిస్తోంది. నేనూ మొదట అలాగే చదివాను. అది 3,500 అయితే మిగలాల్సింది 47,059.50. ముద్రించింది మాత్రం 42,059.50. తేడా సరిగ్గా 5,000, అంటే 3కీ 8కీ ఉన్న తేడా. బాగా దగ్గరగా చూస్తే ఆ అంకెకి ఎడమ పక్కన సన్నటి చుక్కలు రెండు మిగిలి ఉన్నాయి. అది 8. పైగా కింది లైన్లన్నీ 42,059.50 మీదే నడిచాయి. ఇంకో మాట, ఆ లైను ఏటీఎంది కాదు, కౌంటరులో ఫారం రాసి తీసినది. తమ్ముడి దగ్గర ఉన్నది కార్డు ఒక్కటే కదండీ. ఆ వారం దింపు కూలీ, నారుమడి ఖర్చు ఒకేసారి ఇచ్చానని మీరే ఫోనులో అన్నారు. ఒకసారి పుస్తకంలో రాసుకున్నది చూడండి.

జూన్ 18 జమ మీ బొటనవేలు కింద పడిపోయింది. అయినా పట్టుకోవచ్చు: 47,459.50లోంచి 42,059.50 తీసేస్తే 5,400. ఇది ఎవరు వేశారో మీకే తెలియాలి.

జూలై 2 దగ్గర మాత్రం కాసేపు తికమకపడ్డాను. లైటు వెలుగు పడి బ్యాలెన్స్ 36,757.50 అని చదివాను. ఆ లైనులో 1,000 ఎక్కువైంది, తర్వాతి లైనులో అదే 1,000 తక్కువైంది. ఇలా ఒకచోట ఎక్కువ, వెంటనే కింద అంతే తక్కువ వస్తే తప్పు జమలో కాదు, తీసినదాంట్లో కాదు, మధ్యలో చదివిన బ్యాలెన్స్‌లో. దాన్ని 35,757.50 అని దిద్దగానే రెండు లైన్లూ కలిశాయి. జూన్ 6ది అలా కాదు, ఆ ఒక్క లైనే తప్పింది, కిందవన్నీ కుదిరాయి. అందుకే అక్కడ తప్పు చదివింది తీసిన మొత్తాన్నేనని తేలింది.

చివరికి మొత్తం మీద కూడా వేశాను. జమలు 26,098, తీసినవి 30,956. 42,615.50కి జమలు కలిపి, తీసినవి తీసేస్తే 37,757.50. పేజీ అడుగున ఉన్నదీ అదే.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి బాబాయి గారూ. కూడిక కలిసింది కాబట్టి బ్యాంకు లెక్క తప్పలేదని తెలిసింది, అంతే. తీసిన ప్రతి మొత్తం మీరు తీసినదేనా అన్నది ఈ లెక్క చెప్పదు. జూలై 2న తీసిన 12,000 దేనికో పిన్నిగారిని కూడా అడిగి చూడండి. మీకు గుర్తు రాకపోతే ఆలస్యం చేయకుండా పాస్‌బుక్ పట్టుకుని రేపే బ్రాంచికి వెళ్ళండి.

పాత పేజీ ఆఖరి లైను 42,615.50 అవునో కాదో ఇంకా చూడాలి. ఆ పేజీ ఫోటో సాయంత్రంలోగా అరుగు మీద, వెలుతురులో పాస్‌బుక్ పరిచి, పైనుంచి నిలువుగా తీసి పంపండి. వేళ్ళు అంచుల మీదే ఉంచండి. అకౌంటు నెంబరున్న మొదటి పేజీ అక్కర్లేదు. ఫోటో మన కుటుంబం గ్రూపులో కాకుండా నాకు విడిగా పంపండి.